దూరపు కాల్స్ ఎక్కువగా నాకే పడుతున్నాయని సూపర్‌వైజర్‌కు లేఖ: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీలు బాగుచేసే సర్వీస్ సెంటర్లలో పొద్దున తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో ఆ రోజు కాల్స్ లిస్టు పడుతుంది. ఎవరికి ఏ కాల్ అన్నది సూపర్‌వైజర్ రాస్తారు. నేను పదకొండేళ్లు టెక్నీషియన్‌గా ఆ లిస్టు కోసం ఎదురుచూసిన. ఇప్పుడు మూడేళ్లుగా ఆ లిస్టు రాస్తున్న. పని సమంగా పడట్లేదని లేఖ రాయాలనుకునే తమ్ముళ్లు నన్ను అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ పెడుతున్న. ఉదాహరణలోని అంకెలు లెక్క చేసే పద్ధతి చూపడానికి నేను వేసుకున్నవి. మీ అంకెలు మీ లిస్టుల్లోంచి రావాలి.

అందరికంటే నాకే పని ఎక్కువ పడుతోంది. అదే మాట రాస్తే సరిపోదా?

సరిపోదు. నేను అట్లనే రాసి దెబ్బతిన్న. టెక్నీషియన్‌గా చేరిన నాలుగో ఏడు, "సార్, నాకు కాల్స్ ఎక్కువ ఇస్తున్నరు" అని ఒక పేజీ రాసిచ్చిన. మా సూపర్‌వైజర్ కోపం చేయలేదు. రిజిస్టర్ తెరిచి, "అందరికీ రోజుకు ఐదే ఇస్తున్న. నీకూ ఐదే. ఎక్కడ ఎక్కువ?" అన్నారు. ఆయన మాట నిజమే. నాకూ ఐదే పడుతున్నయి. కానీ నా ఐదింటిలో రెండు నర్సంపేటలోనో పరకాలలోనో ఉండేవి. పక్కనున్న అన్నకు ఐదూ నయీంనగర్, సుబేదారి, హంటర్ రోడ్డులోనే. నా బాధ నిజం, కానీ దానికి నేను పెట్టిన పేరు తప్పు. సంఖ్యలో తేడా లేదు, దూరంలో ఉంది. ఆ ఒక్క తప్పుతో నా లేఖ మొత్తం పోయింది. తర్వాత ఏడాది దాకా ఆ సంగతి మళ్లీ ఎత్తడానికి నాకు ముఖం చెల్లలేదు.

కాబట్టి లేఖకంటే ముందు తేల్చుకోవాల్సింది, తేడా ఎక్కడుందన్నది. కాల్స్ సంఖ్యలోనా, దూరంలోనా, సాయంత్రం ఐదు దాటాక వచ్చేవాటిలోనా, రిపీట్ కాల్స్‌లోనా? వీటిలో ఏదో ఒకటే పట్టుకోండి. నాలుగూ కలిపి రాస్తే సూపర్‌వైజర్ అన్నింటికంటే బలహీనమైనదాన్ని పట్టుకుని మాట్లాడతారు. ఇక్కడ నేను దూరం గురించే చెప్తాను, మన వైపు ఎక్కువగా వచ్చే గొడవ అదే.

లెక్క ఎక్కడి నుంచి తీయాలి? ఆఫీసు సిస్టమ్ నా చేతిలో ఉండదు కదా?

గ్రూపులో పడిన లిస్టులు చాలు. అవి అందరూ చూసినవే, సూపర్‌వైజర్ స్వయంగా రాసినవే, కాబట్టి "ఈ అంకెలు ఎక్కడివి" అనే ప్రశ్న రాదు. ఒక నోట్‌బుక్‌లో రోజుకొక వరుస గీసి, ఒక్కొక్కరికి ఎన్ని కాల్స్, అందులో ఎన్ని దూరపువి అని రాసుకోండి. రోజూ రాత్రి ఐదు నిమిషాల పని. లిస్టు పొద్దున పడ్డాక మధ్యాహ్నం ఎవరి కాల్ అయినా ఇంకొకరికి మార్చితే, ఆ మార్పు కూడా రాయాలి. చాలామంది ఇది మరిచిపోతారు. పొద్దున మీ పేరు మీదున్న పరకాల కాల్ పదకొండింటికి ఇంకొకరికి వెళ్తే అది మీ లెక్కలోకి రాదు.

పక్కవాళ్ల ఫోన్‌లో యాప్ తెరిచి చూడటం, కస్టమర్ పేర్లు, నంబర్లు ఉన్న స్క్రీన్‌షాట్లు లేఖకు జతచేయడం మాత్రం వద్దు. మాట పని పంపకం మీద నుంచి మీరు చేసిన తప్పు మీదికి మళ్లుతుంది.

'దూరం' అంటే ఎంత? ఒక్కొక్కరు ఒక్కోలా అంటారు.

లెక్క మొదలుపెట్టకముందే మీరే ఒక గీత గీసుకుని, దాన్ని లేఖలో రాయండి. నేనైతే సెంటర్ నుంచి 15 కిలోమీటర్లు అంటాను. హనుమకొండ చౌరస్తా దగ్గరి సెంటర్ అయితే కాజీపేట, మడికొండ, హసన్‌పర్తి అన్నీ దాని లోపలే వస్తాయి. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట, ములుగు బయటికి పోతాయి.

అంకెలు చూశాక గీత జరపకూడదు. తనకు అనుకూలంగా వచ్చేదాకా 12, 18, 14 అని మార్చుకుంటూ పోయినవాడి లెక్క ఒక్క ప్రశ్నకే కూలిపోతుంది. అయితే లెక్క పూర్తయ్యాక ఒక పరీక్ష చేసుకోవచ్చు. అదే లిస్టుల్ని 20 కిలోమీటర్ల గీతతో మళ్లీ లెక్కించి చూడండి. అప్పుడు కూడా మీ వాటా దాదాపు అంతే వస్తే తేడా గట్టిది. గీత కొంచెం జరపగానే మాయమైతే, ఇంకో నెల ఆగి చూడండి.

ఎన్ని రోజుల లెక్క కావాలి?

నాలుగు వారాలు. ఒక్క వారంలో ఏదైనా జరగొచ్చు. పరకాలలో ఒక షోరూం పండుగ ఆఫర్ పెడితే ఆ వారం ఇన్‌స్టాలేషన్లన్నీ అటే పడతాయి. నాలుగు వారాల్లో ప్రతి వారమూ అదే తేడా కనబడితే, అది ఆ వారం గాలి కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. అందుకే మొత్తంతో పాటు వారం వారం అంకె కూడా రాయమంటాను.

ఏ నాలుగు వారాలన్నది కూడా ముఖ్యమే. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు ములుగు రోడ్డు సంగతి మనకు తెలుసు. ఆ వారంలో అటు వెళ్లినవాడికి రోజంతా ఒక్క కాల్ అయితే గొప్ప. దసరాకు సగం మంది సెలవులో ఉంటారు. అట్లాంటి వారాలను కలిపితే లెక్క వంకరపోతుంది. మామూలు వారాలు తీసుకోండి. వదిలేసిన వారం ఉంటే, ఎందుకు వదిలేశారో ఒక్క ముక్క రాయండి.

సెలవు పెట్టినవాళ్ల సంగతేంటి?

మొత్తం కాల్స్‌ను పని చేసిన రోజులతో భాగించి పోల్చాలి. ఐదుగురున్న సెంటర్‌లో నాలుగు వారాల లెక్క ఇలా వచ్చిందనుకోండి. పేర్లకు బదులు అక్షరాలు పెడుతున్న, లేఖలో కూడా అంతే చేయండి.

| టెక్నీషియన్ | పని రోజులు | మొత్తం కాల్స్ | రోజుకు | దూరపు కాల్స్ |
|---|---|---|---|---|
| క | 23 | 118 | 5.1 | 12 |
| ఖ | 24 | 121 | 5.0 | 14 |
| గ | 19 | 96 | 5.1 | 10 |
| ఘ | 24 | 115 | 4.8 | 11 |
| నేను | 22 | 110 | 5.0 | 41 |

మొత్తం కాల్స్ మాత్రమే చూస్తే 'గ' 96 చేశాడు, 'ఖ' 121 చేశాడు. గ తప్పించుకుంటున్నాడనిపిస్తుంది. కానీ అతను ఐదు రోజులు సెలవులో ఉన్నాడు. రోజుకు లెక్క వేస్తే అందరూ ఐదు దగ్గరే. ఈ విషయంలో సూపర్‌వైజర్ న్యాయంగానే ఉన్నారు, ఆ మాట లేఖలో ముందే ఒప్పుకోండి. మీరు ఒప్పుకోకపోతే ఆయన అదే చూపించి సంభాషణ అక్కడే ముగిస్తారు. ఒకప్పుడు నాకు జరిగింది అదే.

చివరి నిలువు వరుస చూడండి. ఐదుగురికీ కలిపి దూరపు కాల్స్ 88. సమంగా పంచితే తలా 17 లేదా 18. ఒక్కరికే 41, అంటే దాదాపు సగం. మిగిలిన నలుగురికీ కలిపి 47.

"నువ్వు ఆ వైపే ఉంటావు కదా, అందుకే ఇచ్చిన" అంటే?

అది న్యాయమైన మాటే కావచ్చు. నేను లిస్టు రాసేటప్పుడు కూడా ఎవరి ఇల్లు ఎటో చూసుకుంటాను. కాబట్టి ఆ మాట ఆయన అనకముందే మీరు లెక్కించి పెట్టుకోండి. 41 దూరపు కాల్స్‌ను రోడ్ల వారీగా విడదీయండి. నర్సంపేట 15, పరకాల 12, వర్ధన్నపేట 8, ములుగు 6 అనుకుందాం. మీ ఇల్లు నర్సంపేట రోడ్డులో ఉంటే ఆ 15 తీసేయండి. ఇంకా 26 మిగులుతాయి. మిగతావాళ్లలో అందరికంటే ఎక్కువ దూరపు కాల్స్ వచ్చిన 'ఖ'కు 14. అంటే ఆయన కారణాన్ని పూర్తిగా ఒప్పుకున్నా తేడా ఇంకా ఉంది.

నేను చూసిన లేఖల్లో పని జరిపించినవి చాలావరకు ఇట్లాంటివే. ఎదుటివారు చెప్పబోయే కారణాన్ని కొట్టిపారేయకుండా, దానికి దక్కాల్సినంత ఇచ్చి, తర్వాత మిగిలినదాన్ని చూపించినవి.

ఒకవేళ 15 తీసేస్తే 13 మిగిలిందనుకోండి. అప్పుడు తేడాకు కారణం మీ ఇల్లే. లేఖ అవసరం లేదు, "నర్సంపేట కాల్స్ కొన్ని వేరేవాళ్లకు కూడా ఇవ్వగలరా సార్" అని నోటితో అడిగితే అయిపోతుంది.

దూరపు కాల్స్ ఎక్కువైతే నష్టమేంటని అడిగితే ఏం చెప్పాలి? పెట్రోల్ డబ్బులు ఇస్తున్నారు కదా?

పెట్రోల్ అలవెన్సు పెట్రోల్‌కే. పోయిన టైం, దాంతో పోయిన ఇన్సెంటివ్ అందులో రావు. వచ్చిన రోజే క్లోజ్ చేసిన కాల్స్‌కు ఇన్సెంటివ్ ఉన్న సెంటర్లలో ఈ దెబ్బ నేరుగా జీతం మీద పడుతుంది. పార్ట్ లేక వెనక్కి రావాల్సి వస్తే సుబేదారి నుంచి పావుగంట, ములుగు నుంచి మరుసటి రోజు.

దీన్ని చూపడానికి మీ సొంత కాల్స్ చాలు, ఎవరితోనూ పోల్చాల్సిన పని లేదు. పై ఉదాహరణలో నా 110 కాల్స్‌లో అదే రోజు క్లోజ్ అయినవి 84, అంటే నూటికి 76. ఇంతవరకే చూస్తే "నీ క్లోజింగ్ తక్కువ, పని మీద దృష్టి పెట్టు" అంటారు. విడదీసి చూస్తే కథ వేరు. దగ్గరి కాల్స్ 69లో 63 అదే రోజు అయిపోయాయి, నూటికి 91. దూరపు కాల్స్ 41లో 21, నూటికి 51. మనిషి అదే, చేయి అదే, టూల్ కిట్ అదే. మారింది దూరం ఒక్కటే. ఇది చూశాక పనితనం గురించి ఎవరూ మాట్లాడలేరు.

ఒక జాగ్రత్త. దూరపు కాల్స్‌లో కంప్రెసర్ మార్చేలాంటి పెద్ద పనులు ఎక్కువున్నాయేమో చూడండి. ఉంటే ఆ తేడాలో కొంత వాటివల్ల వచ్చిందే, అది కూడా రాయాలి.

బండి రీడింగ్ కూడా రాయొచ్చు. 22 రోజుల్లో 1,936 కిలోమీటర్లు తిరిగితే రోజుకు 88. మిగతావాళ్లు ఎంత తిరిగారో మీకు తెలియదు కాబట్టి పోలిక పెట్టొద్దు. అంచనాగా రాసిన ఒక్క అంకె చాలు, గట్టి అంకెల మీద కూడా అనుమానం రావడానికి.

లేఖ ఎట్లా ఉండాలి? ఒక నమూనా చూపిస్తారా?

ఒక పేజీ దాటొద్దు. పట్టికను వెనక వేరే కాగితం మీద ఇవ్వండి. నేనైతే ఇలా రాస్తాను:

> గౌరవనీయులైన సూపర్‌వైజర్ గారికి,
>
> నమస్కారం సార్.
>
> విషయం: దూరపు కాల్స్ పంపకం గురించి
>
> గత నాలుగు వారాల్లో గ్రూపులో వచ్చిన రోజువారీ లిస్టులు చూసి ఒక లెక్క వేసుకున్నాను. మొత్తం కాల్స్ అందరికీ రోజుకు ఐదు చొప్పున దాదాపు సమంగా వస్తున్నాయి. ఆ విషయంలో నాకు ఏ ఇబ్బందీ లేదు.
>
> సెంటర్ నుంచి 15 కిలోమీటర్లు దాటిన కాల్స్ మాత్రం సమంగా లేవనిపిస్తోంది. మొత్తం 88లో 41 నాకు వచ్చాయి. వారాల వారీగా 11, 9, 12, 9. నా ఇల్లు నర్సంపేట రోడ్డులో ఉంది కాబట్టి అటు వైపు 15 నాకు రావడం సహజమే. అవి తీసేసినా 26 ఉన్నాయి. మిగతావారిలో ఎవరికీ 14 దాటలేదు.
>
> దీనివల్ల నా క్లోజింగ్ మీద ప్రభావం పడుతోంది. దగ్గరి కాల్స్ 69లో 63 అదే రోజు పూర్తి చేశాను. దూరపువి 41లో 21 మాత్రమే చేయగలిగాను. కస్టమర్లు కూడా మరుసటి రోజు దాకా ఆగాల్సి వస్తోంది.
>
> నేను లిస్టు లెక్కలో ఏదైనా పొరపాటు చేసి ఉంటే, లేదా ఇలా పంచడానికి నాకు తెలియని కారణం ఉంటే దయచేసి చెప్పండి. లేకపోతే ఒక నాలుగు వారాలు ఇలా చేసి చూడగలమా అని అడుగుతున్నాను: రోజుకు ఇద్దరు బయటికి వెళ్లేలా, ఒకరు ములుగు, పరకాల వైపు, ఇంకొకరు నర్సంపేట, వర్ధన్నపేట వైపు, ఐదుగురం వంతులవారీగా.
>
> మీకు వీలున్నప్పుడు పది నిమిషాలు కూర్చుని మాట్లాడగలిగితే సంతోషం. పట్టిక జత చేశాను.
>
> ఇట్లు,
> (పేరు, ఉద్యోగి నంబరు, తేదీ)

ఇందులో ఇంకొంచెం గట్టిగా రాయొచ్చు కదా? ఆయనకు కావలసినవాళ్లకు దగ్గరి కాల్స్ ఇస్తున్నారని అందరికీ తెలుసు.

మీ అంకెలు ఆ మాట చెప్పవు. 88లో 41 అని చెప్తాయి, ఎందుకన్నది చెప్పవు. లిస్టు రాసేవాడిగా ఒక నిజం చెప్తాను. పొద్దున ఎనిమిదిన్నరకు ముప్పై కాల్స్ ముందు పెట్టుకున్నప్పుడు, దూరం కాల్ రాగానే చేయి దానంతటదే 'కాదనడు' అనుకున్న మనిషి పేరు రాస్తుంది. ఒకసారి ములుగు వెళ్లొచ్చినవాడికి రెండోసారి కూడా ములుగే పడుతుంది, దారి తెలుసు కదా అని. నాలుగు నెలల తర్వాత నా లిస్టులు నేనే లెక్కపెట్టి చూసుకుంటే, ఒక తమ్ముడికి ఇట్లనే అన్యాయం చేసినట్టు తేలింది. అతను ఒక్కమాట కూడా అనలేదు. అతని ముందు నాకు సిగ్గేసింది. అప్పటినుంచి రోడ్ల వారీగా వంతుల చార్టు గోడకు అంటించిన.

"పక్షపాతం", "కావాలనే", "వాళ్ల మనుషులు" అని రాస్తే సూపర్‌వైజర్ అంకెల్ని వదిలి ఆ పదానికి జవాబిస్తారు. "సమంగా లేవనిపిస్తోంది" అంటే అంకెల వైపే చూస్తారు.

వంతుల పద్ధతి ఆచరణలో కుదురుతుందా?

నాలుగు వారాల్లో 88 అంటే వారానికి 22, రోజుకు మూడు నాలుగు. ఒక్కరు రోజుకు రెండు చేసి రాగలరు కాబట్టి ఇద్దరు వెళ్తే సరిపోతుంది. 24 రోజుల్లో ఒక్కొక్కరికి తొమ్మిది, పది రోజులు బయటి వంతు వస్తుంది. ములుగు, పరకాల కలపడానికి కారణముంది: గూడెప్పాడ్ దాకా దారి ఒకటే, అక్కడ పరకాల రోడ్డు విడిపోతుంది. ఇద్దరు వేర్వేరుగా ఆ దారిలో పోవడం పెట్రోల్‌కూ దండగ.

ఎండాకాలంలో ఏసీ కాల్స్ ముంచెత్తినప్పుడు ఇది తప్పుతుంది. ఏసీ గ్యాస్ పని వచ్చినవాళ్లు ఇద్దరే ఉంటే వాళ్లనే పంపక తప్పదు. ఆ మాట సూపర్‌వైజర్ అంటే వాదించకండి. దానికి బదులు, ఆ రోజు దూరం వెళ్లినవారికి ఐదు కాల్స్‌కు బదులు నాలుగు ఇవ్వగలరా అని అడగండి.

ఎప్పుడు ఇవ్వాలి? చేతికా, వాట్సాప్‌లోనా?

పొద్దున లిస్టు రాసే టైంలో వద్దు. శనివారం సాయంత్రం, పార్టులు వాపసు ఇచ్చాక, ఎవరూ లేనప్పుడు చేతికివ్వండి. "సార్, ఒక లెక్క వేసిన, మీరొకసారి చూడండి" అంటే చాలు. అదే రాత్రి ఫోటో తీసి ఆయనకు మాత్రమే పంపితే తేదీ ఉంటుంది. గ్రూపులో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. పదిమంది ముందు తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం, ఒప్పుకునే మనసున్నా వెనక్కి తగ్గుతారు.

ఇచ్చాక ఏమీ మారకపోతే?

రెండు వారాలు ఆగండి, లెక్క మాత్రం ఆపకండి. తర్వాత నోటితో ఒకసారి గుర్తుచేయండి. ఆ తర్వాత కూడా ఏమీ లేకపోతే, అదే లేఖను కొత్త రెండు వారాల అంకెలు కలిపి, "మీ ద్వారా బ్రాంచి మేనేజర్ గారికి" అని రాసి మళ్లీ సూపర్‌వైజర్ చేతికే ఇవ్వండి. ఆయన్ను దాటి వెళ్లలేదన్నది కాగితం మీదే ఉంటుంది.

నా దూరపు కాల్స్ తగ్గి, అవన్నీ కొత్తగా చేరిన తమ్ముడి మీద పడితే?

ఇది జరుగుతుంది. కొత్తవాడు కాదనలేడు కాబట్టి భారం అటు జారుతుంది. మీ 41 తగ్గి 15 అయిందని సంతోషపడే ముందు అదే 15 కిలోమీటర్ల గీతతో, అదే పట్టికతో ఇంకో నాలుగు వారాలు ఐదుగురికీ లెక్కపెట్టండి. అతని వరుసలో 38 కనబడితే, ఆ కాగితం తీసుకుని మళ్లీ శనివారం సాయంత్రం సార్ దగ్గరికి వెళ్లండి, ఈసారి ఆ తమ్ముడిని వెంటబెట్టుకుని.